గేటు దాకా వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లకుండా

ఉచిత కంటి వైద్య శిబిరం కరపత్రం చూడని తెలుగు ఊరు ఉండదు. గులాబీ రంగో పసుపు రంగో కాగితం, ఎ4 సైజులో సగం. పైన దేవుడి బొమ్మ. దాని కింద ఎవరి జ్ఞాపకార్థం శిబిరం పెడుతున్నారో వారి ఫొటో, పేరు, జనన మరణ తేదీలు. ఆ తర్వాత పెద్ద ఎర్రక్షరాల్లో శిబిరం పేరు, పక్కన కన్ను బొమ్మ. తేదీ, వేళ, స్థలం. ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, సభాధ్యక్షులు, ఆత్మీయ అతిథులు, వారి పదవులు. సహకరించిన ఆసుపత్రి పేరు, దాని గుర్తు. ఆహ్వానించేవారి పేర్లు, నాలుగు ఫోన్ నంబర్లు. ఈ సదవకాశాన్ని వినియోగించుకోవలసిందిగా విన్నపం. అన్నిటికంటే కింద, కళ్లు బాగా కనిపించేవాళ్లు కూడా కాగితాన్ని దగ్గరకు తెచ్చుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో, ‘గమనిక’ అని నాలుగైదు వరుసలు. చివర ప్రింటింగ్ ప్రెస్ పేరు.

ఈ కాగితాన్ని ఇప్పుడు చేతికిచ్చేది తక్కువ, ఫోన్లో ఫొటో తీసి పంపేది ఎక్కువ. ఫొటో కింద నాలుగు ముక్కలు రాసే పని ఊళ్లో కాస్త రాత అలవాటున్నవారికి అప్పజెబుతారు. టీచరుకో, విలేకరికో, సంఘం కార్యదర్శికో, కాలేజీలో చదివే అమ్మాయికో. కాగితం నిండా ముప్పై సంగతులుంటాయి. కింద రాసేదానికి ఏడెనిమిది వరుసలకు మించి చోటుండదు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

అందరూ ముందు చేసే పని ఒకటుంది. కరపత్రం మీద పెద్దగా కనిపించినవి ఉంచుతారు, చిన్నగా కనిపించినవి తీసేస్తారు. సహజమే, కానీ పొరపాటు అక్కడే మొదలవుతుంది. కరపత్రంలో అక్షరం సైజు ఆ సంగతి ఎంత అవసరమో చెప్పదు. ఎవరిని గౌరవించాలో, దూరం నుంచి ఎవరి చూపు లాగాలో చెబుతుంది. శిబిరానికి వచ్చే మనిషికి అత్యవసరమైనవి చాలాసార్లు కింద గమనికలోనే ఉంటాయి.

పనికి దిగేముందు ఒక నమూనా పెట్టుకుందాం. ఇలాంటి కరపత్రాల్లో మామూలుగా కనిపించేవాటిని కలిపి కూర్చింది ఇది, నిజంగా జరిగే శిబిరం కాదు. ఊరు కొత్తపేట. తేదీ 15-11, ఆదివారం. స్థలం జడ్పీ హైస్కూల్ ఆవరణ, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా. ‘ఉచిత కంటి పరీక్షలు, శుక్లాలకు ఉచిత ఆపరేషన్లు, సగం ధరకే కళ్లజోళ్లు’ అని మధ్యలో ఉంది. కింద గమనిక ఇలా ఉంది: పేర్ల నమోదు ఉదయం 11 గంటల వరకు మాత్రమే. ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు తప్పనిసరి. ఆపరేషన్ అవసరమైనవారిని అదేరోజు సాయంత్రం బస్సులో ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఆపరేషన్ అయ్యాక తిరిగి తీసుకువస్తారు, భోజన వసతి ఉచితం. వారు రేషన్ కార్డు జిరాక్స్ కూడా తేవలెను, తలస్నానం చేసి రెండు జతల బట్టలతో రావలెను. బి.పి., షుగర్ ఉన్నవారు వాడుతున్న మందులు వెంట తెచ్చుకోవలెను. ప్రతివారు ఒకరిని తోడు తెచ్చుకోవలెను.

ఇప్పుడు ఒక్కో వరుస మీదా వేలు పెట్టి ఒకే ప్రశ్న అడగాలి. ఈ సంగతి తెలియకుండా ఒకావిడ పొరుగూరి నుంచి బస్సెక్కి స్కూలు గేటు దాకా వచ్చిందనుకోండి, ఆమెకు ఏమవుతుంది?

ముఖ్య అతిథి ఎవరో తెలియకుండా వచ్చింది. ఏమీ కాదు. కన్ను చూపించుకుని వెళ్తుంది. సభాధ్యక్షుల పేరు తెలియదు, అయినా ఏమీ కాదు. నమోదు 11 గంటల దాకానే అని తెలియదు. కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఒంటిగంట వరకు అని ఉంది కాబట్టి ఇంట్లో వంట ముగించుకుని పదకొండున్నరకు వచ్చింది. వెనక్కి వెళ్లాల్సిందే. ఆధార్ జిరాక్స్ తేలేదు. ఆదివారం పూట జిరాక్స్ షాపు తెరిచి ఉంటుందో లేదో, వెతుక్కునేలోపు పదకొండు దాటుతుంది. ఆపరేషన్ అవసరమైతే అదే సాయంత్రం తీసుకెళ్తారని తెలియదు. ఇంట్లో చెప్పి రాలేదు, గేదెను చూసుకునేవాళ్లు లేరు, మార్చుకోను బట్టల్లేవు. డాక్టరు ఆపరేషన్ రాసినా బస్సెక్కలేదు. మళ్లీ అలాంటి శిబిరం ఎప్పుడో.

ఇలా అడుగుతూ పోతే కాగితం తలకిందులవుతుంది. పైనున్న పేర్లన్నీ కిందికి దిగుతాయి, అట్టడుగున ఉన్న గమనిక పైకొస్తుంది. ఏరే పనిలో నాకు తెలిసి ఇంతకంటే గట్టి కొలత లేదు. ‘ముఖ్యమైనవి ఉంచండి’ అంటే ఎవరికి ముఖ్యం అన్న వాదన మొదలవుతుంది. ‘ఇది తెలియకపోతే ఎవరికి నష్టం, ఎంత నష్టం’ అంటే జవాబు దానంతటదే తేలుతుంది.

గమనికలోని వరుసల్లో ఎందుకున్నాయో పైకి తెలియనివి కూడా ఉంటాయి. ‘తోడు తెచ్చుకోవలెను’ అన్నది మర్యాదకు రాసినట్టు కనిపిస్తుంది, చోటు చాలనప్పుడు ముందు పోయేది అదే. కానీ కంటి పరీక్షలో పాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటల పాటు చూపు మసగ్గా ఉంటుంది, వెలుతురు భరించలేరు. మోటారుసైకిల్ మీద ఒక్కడే వచ్చినాయన తిరిగి బండి నడుపుకుంటూ పోకూడదు. ‘తలస్నానం చేసి రావలెను’ అన్నదీ ఆచారం కోసం కాదు. ఆపరేషన్ తర్వాత కంట్లోకి నీళ్లు పోకూడదు కాబట్టి కొన్నాళ్లు తలస్నానం చేయనివ్వరు. మందులు తెచ్చుకోమనడం ఎందుకంటే, వాళ్లు ఆసుపత్రిలో రాత్రి ఉండిపోవాలి, బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల తప్పకూడదు. పైగా బీపీ, షుగర్ అదుపులో లేకపోతే ఆపరేషన్ వాయిదా వేస్తారు. కాబట్టి ఏ వరుసనైనా కొట్టేసేముందు శిబిరం నడిపేవారికి ఫోన్ చేసి ఇది ఎందుకు పెట్టారని అడగడం మంచిది. గమనికలోని ఒక్కో వరుస వెనకా మునుపటి శిబిరంలో ఎవరో పడ్డ ఇబ్బంది ఉండే అవకాశం ఎక్కువ.

కుదించడంలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ‘ఉచితం’ అన్న మాట దగ్గర ఉంది. నమూనా కరపత్రంలో మూడు సంగతులున్నాయి. పరీక్షలు ఉచితం, ఆపరేషన్లు ఉచితం, కళ్లజోళ్లు సగం ధర. తొందరలో దీన్ని కుదించేవారు ‘కంటి పరీక్షలు, ఆపరేషన్లు, కళ్లజోళ్లు... అన్నీ ఉచితంగా!’ అని రాసేస్తారు. మాటలు తగ్గాయి, బాగానే ఉంది. కానీ కరపత్రంలో లేని అబద్ధం ఒకటి కొత్తగా పుట్టింది. ఆదివారం మధ్యాహ్నం కళ్లజోళ్ల బల్ల దగ్గర గొడవపడేది దీన్ని చదివి వచ్చినవాళ్లే. మాట పడేది అక్కడ కూర్చున్న కుర్రాడు.

అందుకని ఇక్కడొక కట్టుబాటు పెట్టుకోవాలి. మేలు, దాని షరతు రెండూ ఒక జత. ఉంచితే రెండూ ఉంచాలి, తీసేస్తే రెండూ తీసేయాలి. మేలు ఉంచి షరతు కొట్టేయడానికి వీల్లేదు. చోటు నిజంగా లేకపోతే కళ్లజోళ్ల ఊసే ఎత్తకండి. ఎవరికీ నష్టం లేదు, వచ్చినవాళ్లకు సగం ధరకు దొరకడం అదనపు సంతోషం. కానీ కళ్లజోళ్లు అన్న మాట ఉంటే పక్కనే సగం ధర అని ఉండి తీరాలి. రేషన్ కార్డు సంగతీ అంతే. కార్డు ఆపరేషన్‌కు వెళ్లేవారికే కావాలి. ‘ఆధార్, రేషన్ కార్డు తప్పనిసరి’ అని కలిపి రాస్తే, కార్డు లేనివాళ్లు కన్ను చూపించుకోవడానికి కూడా రాకుండా ఆగిపోతారు. షరతు తీసేస్తే రాకూడనివాళ్లు వస్తారు, షరతు పెంచితే రావలసినవాళ్లు రారు. రెండోదే ఎక్కువ అన్యాయం, ఎందుకంటే రానివాళ్ల సంగతి ఎవరికీ తెలియదు, గొడవ కూడా జరగదు.

ఇక వరుస. కరపత్రానికి పెద్ద అక్షరం, రంగు, గీత, బొమ్మ, ఖాళీ జాగా ఇవన్నీ ఉన్నాయి. చూపు ముందు ఎక్కడ పడాలో అవే నడిపిస్తాయి. ఫొటో కింద రాసే మాటలకు అవేవీ లేవు. అన్ని అక్షరాలూ ఒకే సైజు, ఒకే రంగు. అక్కడ మిగిలిన సాధనం ఒక్కటే, ఏది ముందు, ఏది వెనక. కరపత్రంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు కిందికి దింపితే ఎందుకు చెడుతుందో ఇక్కడే తెలుస్తుంది. ఇలాంటి వాక్యం చూడండి:

‘కీర్తిశేషులు ఫలానా గారి ప్రథమ వర్ధంతి సందర్భంగా, వారి కుటుంబసభ్యుల ఆర్థిక సౌజన్యంతో, ఫలానా సేవాసంఘం ఆధ్వర్యంలో, ఫలానా కంటి ఆసుపత్రి వారి సహకారంతో, తేది 15-11 ఆదివారం నాడు జడ్పీ హైస్కూల్ ఆవరణలో ఉచిత కంటి వైద్య శిబిరం నిర్వహించబడును.’

తెలుగు వాక్యంలో విశేషణాలన్నీ ముందు నడుస్తాయి, అసలు సంగతి చివర వస్తుంది. కాగితం మీద ‘ఉచిత కంటి వైద్య శిబిరం’ అన్న ముక్కను అరంగుళం ఎత్తున ఎర్రగా వేస్తారు కాబట్టి వాక్యంలో చివర ఉన్నా కంటికి ముందు అదే తగులుతుంది. అదే వాక్యం ఫోన్లోకి వస్తే మొదట కనిపించేది వర్ధంతి. చదివేవాళ్లు ఎవరో పోయిన వార్త అనుకుని బొటనవేలితో పైకి తోసేస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో సుమారు 125 క్యారెక్టర్ల దగ్గర మాట తెగి ‘ఇంకా’ అని వస్తుంది. అది నొక్కితేనే మిగిలింది తెరుచుకుంటుంది. మొత్తం 2,200 దాకా రాసుకోవచ్చు, కానీ నొక్కేవాళ్లు కొందరే. పైవాక్యంలో శిబిరం అన్న మాట రాకుండానే ఆ 125 అయిపోతాయి.

తెలుగులో ఈ లెక్క మనం అనుకునేదానికంటే తొందరగా నిండుతుంది. మన కంటికి ‘ఉచిత కంటి వైద్య శిబిరం’ అన్నది పది అక్షరాలు. ఫోన్ మాత్రం గుణింతాన్ని విడిగా, వత్తును విడిగా, సున్నను విడిగా లెక్కపెడుతుంది. ఖాళీలతో కలిపి అవి 22. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు. మామూలు ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అయితే 160 పడతాయి, తెలుగు అయితే 70 దగ్గరే మొదటి మెసేజ్ నిండిపోతుంది. అంటే ఎస్సెమ్మెస్ పంపాల్సివస్తే శిబిరం పేరు, తేదీ, స్థలం రాసేసరికి ఇక వేలు ఆపాలి. దేనికి రాస్తున్నారో ముందే తెలుసుకుని, ఆ మొదటి ముక్కలో ఏం పట్టాలో తేల్చుకోవాలి.

మొదటి ముక్కలో పట్టాల్సినవి నాలుగు. ఏమిటి, ఎప్పుడు, ఏ ఊరు, ఏ చోటు. విన్నపాలు, సదవకాశాలు, ‘అందరికీ నమస్కారం’ ఏవీ ఆ ముక్కలోకి రాకూడదు. పొడుగు వాక్యాన్ని చిన్న చిన్న వాక్యాలుగా విరగ్గొడితే అసలు సంగతి ముందుకొస్తుంది, జ్ఞాపకార్థం అన్నది చివర విడి వాక్యంగా మర్యాదగా నిలబడుతుంది.

కొట్టేయడం గురించే ఇంతసేపు చెప్పాను. కానీ కరపత్రంలో లేనివి రెండు చేర్చాలి కూడా. ఒకటి సంవత్సరం, రెండు జిల్లా. కాగితం ఆ ఊళ్లో, ఆ వారంలో చేతులు మారుతుంది. దానికి ఈ రెండూ అక్కర్లేదు. ఫోన్లోకి ఎక్కిన ఫొటో ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్లు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. పోయినేటి శిబిరం ఫొటో ఈ ఏడు మళ్లీ తిరిగి, జనం ఖాళీ స్కూలుకు వచ్చి నిలబడే ప్రమాదం ఉంది. ‘రేపు’, ‘ఈ ఆదివారం’ అన్న మాటలు ఫొటో కింద అసలు వాడకూడదు. ఫార్వర్డ్ అయిన ప్రతిరోజూ వాటి అర్థం మారిపోతుంది. ఊరి పేరుకూ అదే చిక్కు. కొత్తపేట కోనసీమలో ఉంది, హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ పక్కనా ఉంది, గుంటూరులోనూ ఉంది. జిల్లా పేరు ఒక్క మాట, దాన్ని మిగుల్చుకుంటే వచ్చే లాభం ఏమీ లేదు.

సంవత్సరం చేర్చేటప్పుడు క్యాలెండర్ తీసి తేదీకి వారం సరిపోయిందో లేదో కూడా చూడాలి. కరపత్రాలను ప్రెస్సులో చాలాసార్లు పోయినేటి ఫైలు మీదే దిద్దుతారు. తేదీ మార్చి వారం మరిచిపోతారు, లేదా వారం మార్చి తేదీ వదిలేస్తారు. నవంబర్ 15 అన్నది 2025లో శనివారం, 2026లో ఆదివారం. మామూలు ఏడాదిలో అదే తేదీ ఒక వారం ముందుకు జరుగుతుంది. కాబట్టి తేదీకీ వారానికీ సరిగ్గా ఒక్క రోజు తేడా కనిపిస్తే పాత ఫైలు వాడారని అనుమానించవచ్చు. అప్పుడు ఏది సరైనదో మనం ఊహించి దిద్దకూడదు. నిర్వాహకుల్నే అడగాలి.

ఫోన్ నంబర్లు నాలుగుంటే ఒక్కటి చాలు. అయితే ఏ ఒక్కటి? పెద్దవారిది ముందుంటుంది, ఆయన ఎత్తరు. నాలుగింటికీ ఒకసారి మోగించి, ఎత్తి వివరం చెప్పగలిగినవారి నంబరు ఉంచాలి. ఆ నంబరు ఇంత బయటికి పోతుందని వారికి చెప్పి, సరే అనిపించుకోవాలి. పక్కన ఏ వేళల్లో చేయవచ్చో రాస్తే ఇద్దరికీ సుఖం.

ఇప్పుడు కష్టమైన సంగతికి వద్దాం. పేర్లు. కంటి శిబిరం డబ్బు లేకుండా జరగదు. డబ్బు ఇచ్చిన కుటుంబం తమ పెద్దాయన పేరు నలుగురి నోట వినపడాలని కోరుకుంటుంది, అందులో తప్పులేదు. ఊరి పెద్దల్ని పిలిచి పేరు వేయకపోవడం మన దగ్గర అవమానం. రాసేవారికి, నిర్వాహకులకు మధ్య మాట ఇలా నడుస్తుంది.

‘మాస్టారూ, ఎమ్మెల్యేగారి పేరు లేదేంటండీ?’

‘ఫొటోలో పెద్దగా ఉంది కదండీ, కింద మళ్లీ ఎందుకని...’

‘అయ్యో, రేపు ఆయన మనుషులు చూస్తే ఏమనుకుంటారు? మొదటి వరుసలో పెట్టండి.’

ఇక్కడ పట్టుబట్టి లాభం లేదు, అన్నిటికీ తలూపినా లాభం లేదు. దారి ఏమిటంటే, కాగితం ఒక్కసారే అచ్చవుతుంది, ఫోన్లో పోస్టు ఎన్నిసార్లయినా పెట్టవచ్చు. కరపత్రం అన్ని పనులూ ఒకేసారి చేయాలి, మనకు ఆ బాధ లేదు. శిబిరానికి ముందు పెట్టేది రోగుల కోసం. అందులో గేటు దగ్గర అవసరమయ్యేవే ఉంటాయి. శిబిరం అయ్యాక పెట్టేది పెద్దల కోసం. జ్యోతి వెలిగిస్తున్న ఫొటో, అతిథుల పేర్లు, పదవులు, దాతలకు కృతజ్ఞతలు, ఎంతమందిని పరీక్షించారన్న లెక్క. అతిథికి కూడా ఇదే ఇష్టంగా ఉంటుంది. రాబోయే అతిథుల వరుసలో పదో పేరుగా ఉండటం కంటే, వచ్చి దీపం వెలిగించిన ఫొటో కింద తన పేరుండటం ఎవరికైనా బాగుంటుంది. ఇలా చెబితే నిర్వాహకులు ఒప్పుకునే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఎవరి పేరూ పోలేదు, రోజు మారిందంతే.

రెండు పేర్లు మాత్రం మొదటి పోస్టులోనే ఉంచాలి. ఆసుపత్రి పేరు, శిబిరం పెడుతున్న వారి పేరు. కంటి మీద కత్తి పడే సంగతి ఇది. ఎవరు చేస్తారో తెలియకుండా ఎవరూ తమ తల్లిని పంపరు. ఇది గౌరవం కోసం ఉంచే పేరు కాదు, నమ్మకం కోసం ఉంచే పేరు. జ్ఞాపకార్థం అన్న ఒక్క వాక్యం కూడా అక్కడే చివర ఉంటే చోటు పెద్దగా పట్టదు, ఆ కుటుంబం మనసు నొచ్చదు. ప్రెస్సు పేరు తీసేయవచ్చు. ఎన్నికల కరపత్రమైతే వేరే సంగతి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం దాని మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ఆ ఫొటో పంపేటప్పుడు అడుగు భాగం కత్తిరించకూడదు.

ఫొటోలో ఎలాగూ ఉందికదా, కింద మళ్లీ రాయడమెందుకు అన్న ప్రశ్న ఇప్పుడు రావాలి. ఎమ్మెల్యేగారి పేరుకు ఆ జవాబు సరిపోతుంది, పదకొండు గంటల గడువుకు సరిపోదు. వాట్సాప్‌లో పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది, మళ్లీ మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఇంకా చెడుతుంది. ముందుగా అలుక్కుపోయేవి గమనికలోని సన్నని అక్షరాలే. కొందరు ఫొటో వదిలేసి మాటలు మాత్రమే కాపీ చేసి పంపుతారు. చూపు లేనివారి ఫోన్ చదివి వినిపించేది కింద టైపు చేసిన మాటల్నే, ఫొటోలోని అక్షరాలను నమ్మకంగా చదవలేదు. కంటి శిబిరం కబురు వాళ్లకు చేరకపోతే ఇంకెవరికి చేరాలి? కాబట్టి ఫొటో లేకపోయినా కింది మాటలు తమంత తాము నిలబడాలి. కరపత్రంలోని పొట్టి రాతల్ని కూడా విప్పి రాయాలి. ‘ఉ. 9 గం. లకు’ అని కాగితం మీద చోటు కోసం వేస్తారు, ఫోన్లో ‘ఉదయం 9కి’ అంటే చూసినా విన్నా ఒక్కటే.

ఇవన్నీ కలిపి నమూనా కరపత్రం కింద రాస్తే ఇలా తేలింది:

‘ఉచిత కంటి పరీక్షలు – 15 నవంబర్ 2026, ఆదివారం – కొత్తపేట (కోనసీమ జిల్లా) జడ్పీ హైస్కూల్‌లో.

పేర్ల నమోదు ఉదయం 9 నుంచి 11 వరకే. ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు తప్పనిసరి. తోడు ఒకరిని తీసుకురండి.

కంట్లో పొర ఉండి ఆపరేషన్ అవసరమైతే అదే సాయంత్రం బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, తిరిగి తీసుకొస్తారు. ఆపరేషన్, భోజనం, వసతి ఉచితం. ఇందుకు రేషన్ కార్డు జిరాక్స్ కావాలి. తలస్నానం చేసి, రెండు జతల బట్టలతో రండి.

బీపీ, షుగర్ ఉన్నవారు వాడుతున్న మందులు వెంట తెచ్చుకోండి. కళ్లజోళ్లు సగం ధరకు ఇస్తారు.

పరీక్షించేది ఫలానా కంటి ఆసుపత్రి వైద్యులు. ఫలానా గారి జ్ఞాపకార్థం వారి కుటుంబం ఈ శిబిరం నిర్వహిస్తోంది. వివరాలకు (ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు): నిర్వాహకుల నంబరు.’

మొదటి వరుస తొంభై క్యారెక్టర్లకు మించలేదు, 125 దగ్గర తెగదు. శుక్లాలు అన్నచోట ‘కంట్లో పొర’ అన్నాను, చదివేవారి నోట్లో ఉన్న మాట అదే కాబట్టి. ‘బస్సు ఉచితం’ అని రాయలేదు, గమనించారా? కరపత్రంలో భోజన వసతి ఉచితం అని ఉంది, బస్సు గురించి ఆ మాట లేదు. బహుశా ఉచితమే కావచ్చు. అడిగి తెలుసుకుంటే చేర్చవచ్చు, అడక్కుండా చేర్చకూడదు. వేళల్లో మధ్యాహ్నం ఒంటిగంట కూడా తీసేశాను. నమోదు గడువు ఉన్నాక అది చదివేవారిని పక్కదారి పట్టిస్తుంది తప్ప ఉపయోగపడదు. నంబరు పక్కనున్న వేళలు నిర్వాహకులను అడిగి చేర్చాల్సినవి.

పెట్టేముందు ఒక పరీక్ష చేయాలి. ఈ కబురు చదివేది చాలాసార్లు రోగి కాదు. హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకో, కూతురో, మనవరాలో చదివి ఊళ్లోవాళ్లకు ఫోన్లో చెబుతారు. కాబట్టి కరపత్రం చూడనివారికి ఎవరికైనా ఈ మాటలు పంపించి, వాళ్లమ్మకు ఫోన్ చేసి చెబుతున్నట్టు చెప్పమనండి. మీరు వింటూ ఉండండి.

‘అమ్మా, వచ్చే నెల పదిహేను, ఆదివారం, కొత్తపేట హైస్కూల్లో కళ్లు ఊరికే చూస్తారంట. పదకొండు లోపే పోవాలి. ఆధార్ జిరాక్స్ తీసుకో. బాబాయిని వెంట తీసుకుపో. ఆపరేషన్ అంటే ఆ సాయంత్రమే తీసుకెళ్తారంట, రెండు చీరలు సర్దుకో, తలంటుకుని పో. బీపీ బిళ్లలు మర్చిపోకు.’

ఇంతవరకు తడుముకోకుండా వస్తే రాసింది సరిపోయింది. ఎక్కడైనా ఆగి, ‘రేషన్ కార్డు అందరికీనా, ఆపరేషన్‌కు పోయేవాళ్లకేనా?’ అని అడిగితే ఆ వాక్యం ఇంకా సరిగ్గా రాలేదని అర్థం. వాళ్లు చెప్పకుండా వదిలేసిన వాక్యాలు ఏవో కూడా గమనించండి. చోటు ఇంకా తగ్గించాల్సివస్తే ముందు తీసేయదగ్గవి వాటిలోనే దొరుకుతాయి, కాకపోతే గేటు ప్రశ్న ఇంకోసారి అడిగాకే తీయాలి.

పెట్టాక కూడా పని ఉంటుంది. వర్షం వచ్చి స్థలం మారిందనుకోండి, వాట్సాప్‌లో పంపినదాన్ని పదిహేను నిమిషాల లోపే దిద్దగలం. అప్పటికే ఇంకొకరికి వెళ్లిపోయిన కాపీ మనం దిద్దినా మారదు. అందుకని పాతదాన్ని దిద్దడంతో సరిపెట్టకుండా కొత్తది పంపాలి. దాని మొదటి మాట ‘స్థలం మారింది’ అని ఉండాలి, తేదీ, ఊరు మళ్లీ పూర్తిగా రాయాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినదాన్ని తర్వాతైనా దిద్దవచ్చు. ఆదివారం సాయంత్రం బస్సు కదిలాక అక్కడ మొదటి వరుసకు ముందు ‘శిబిరం ముగిసింది’ అని చేర్చండి. వచ్చే ఏడాది దాన్ని ఎవరు మళ్లీ పంపినా, 125 తెగేలోపే ఆ మాట కనిపిస్తుంది.